మిర్చి కల్లం బొమ్మలు: ఒక శైలిని మాటల్లో రాసిన వైనం

విజయవాడలో ఏలూరు రోడ్డుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థలో నేను బొమ్మల పని చూస్తాను. పోయిన ఏడాది మేము 32 పేజీల పుస్తకం ఒకటి మొదలుపెట్టాం. గుంటూరు దగ్గర ఒక పల్లెలో మిర్చి కల్లం, అక్కడ తల్లితో పాటు కాయలు ఏరే ఎనిమిదేళ్ళ పాప, దారి తప్పి కల్లంలోకి వచ్చిన ఒక మేక. కథ అంతే. మొత్తం 20 బొమ్మలు కావాలి. చిత్రకారిణి 11 పూర్తి చేసింది. ఆమెకు ఏడో నెల. డాక్టరు పూర్తిగా విశ్రాంతి తీసుకోమన్నారు. ఆమె భర్త అట్టల మధ్య పెట్టి 11 అసలు బొమ్మలూ తెచ్చి ఇచ్చారు. వాటితో పాటు ఒక చిన్న కాగితం మీద ఆమె వాడే అయిదు రంగు ట్యూబుల పేర్లు ఉన్నాయి. వేసవి సెలవులకు పుస్తకం బయటికి రావాలి. మిగిలిన 9 బొమ్మలను వేరే చేతులతో వేయించాలి, అవి ఆమె చేతి బొమ్మల పక్కన పరాయివిగా కనిపించకూడదు.

ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకరు గుంటూరులో ఉండే యువ చిత్రకారిణి, పత్రికలకు బొమ్మలు వేస్తుంది. రెండోవారు తెనాలి మాస్టారు. నాటకాలకు తెరలు రాసి, సైన్ బోర్డులు రాసి, తర్వాత పుస్తకాల వైపు వచ్చిన మనిషి. ఇద్దరూ మంచి పనివాళ్ళే. నేను వాళ్ళకు మూడు బొమ్మల స్కాన్లు పంపి, కింద ఇలా రాశాను:

"నీటిరంగులు. వెచ్చని మట్టి రంగులు, గుంటూరు మిర్చి ఎరుపు. ఉదయపు ఎండ. సన్నని, సున్నితమైన గీత. పల్లె వాతావరణం ఉట్టిపడాలి."

అసలు బొమ్మల్లో లేని దృశ్యం ఒకటి ఇచ్చి ఇద్దరినీ పరీక్ష బొమ్మ వేయమన్నాను: వేపచెట్టు కింద నీళ్ళ కుండ, పక్కన మేక, ఒక మూల ఎండబోసిన కాయలు. పరీక్ష బొమ్మకు డబ్బు ఇచ్చాం. ఈ ఖర్చును ముందే లెక్కలో పెట్టుకోవాలి, లేకపోతే రెండోసారి వేయమని అడగడానికి నోరు రాదు.

వచ్చిన రెండు బొమ్మలనూ అసలు వాటి పక్కన నేల మీద పరిచాను. మూడు వేర్వేరు పుస్తకాల్లోంచి చింపి తెచ్చినట్టు ఉన్నాయి. గుంటూరు అమ్మాయి బొమ్మలో ఎండ నారింజ రంగు పొగలా అంతటా పరుచుకుంది. కాయలు తాజా పండు మిరపకాయల్లా మెరుస్తున్నాయి. మాస్టారి బొమ్మలో నీడలు చెట్టుకు మూడింతల పొడవు, కాయలు ఎండి నల్లబడిన ముదురు ఎరుపు. ఒకరి గీత జుట్టు వెంట్రుకంత, మరొకరిది అగ్గిపుల్లంత.

ఇద్దరూ నేను రాసిన ప్రతి మాటకూ న్యాయం చేశారు. ఉదయం ఆరున్నరకూ ఎండే, తొమ్మిదికీ ఎండే. మిర్చి ఎరుపు కోసిన రోజున ఒకటి, కల్లంలో పది రోజులు ఎండాక ఇంకొకటి. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలనే గోనె బస్తాల్లో చేరేసరికి అదే కాయ మరో రంగు, రంగు పోయిన తాలు కాయదైతే ఎరుపే కాదు. నేను రాసినది బొమ్మ నాకు ఎలా అనిపించిందో చెబుతోంది. బొమ్మ వేసేవారికి కావలసింది చెయ్యి ఏం చేసిందో.

"స్కాన్లు పంపారు కదమ్మా, చూసి వేశాను. అందులో నీడ పొడుగ్గానే ఉంది" అన్నారు మాస్టారు. నిజమే. నేను పంపిన మూడు బొమ్మల్లో ఒకటి సాయంత్రం పూట ఇంటికి వెళ్ళే దృశ్యం. అందులో మాత్రమే నీడలు పొడుగ్గా ఉన్నాయి. ఆయన దాన్నే పట్టుకున్నారు. ఆ అమ్మాయి పాప ముఖాన్ని పట్టుకుంది, మేక ముఖంలో కూడా ఆ పాప కళ్ళే ఉన్నాయి.

నమూనా బొమ్మ ఉండగా మాటలెందుకు అని చాలామంది అడుగుతారు. దానికి జవాబు నాకు ఇక్కడ దొరికింది. బొమ్మ అన్నీ ఒకేసారి చూపిస్తుంది. అందులో ఏది ఆ పుస్తకమంతటికీ నియమమో, ఏది ఆ ఒక్క పేజీకి అవసరమై వచ్చిందో అది చెప్పదు. అది చెప్పాల్సింది మాటే.

కాబట్టి మళ్ళీ మొదటి నుంచి వచ్చాను. 11 బొమ్మలూ గది నిండా పరిచి, ఒక్కొక్క బొమ్మ గురించీ కనిపించినది మాత్రమే రాస్తూ పోయాను. "అందంగా", "వెచ్చగా" లాంటి మాటలు వచ్చిన చోటల్లా కొట్టేసి, ఆ భావన దేని వల్ల కలిగిందో వెతికి అది రాశాను. తర్వాత కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పదకొండింటిలోనూ ఉన్నది నియమం. కొన్నింటిలో ఉన్నది అనుమతి. ఒక్కదానిలోనూ లేనిది నిషేధం. ఈ మూడో గుంపు చాలా విలువైనది. ఒక్క బొమ్మలోనూ ఆకాశానికి నీలం లేదు. ఎక్కడా నలుపు ట్యూబు రంగు లేదు. ఎక్కడా తెల్లరంగు పూయలేదు. ఎక్కడా అడ్డగీతలతో నీడ వేయలేదు. ఉన్నదాన్ని చూడటం తేలిక. లేనిదాన్ని ఎవరైనా చెబితే తప్ప చూడలేం.

గీత దగ్గర నాకు రెండు రోజులు పట్టింది. "సన్నని, సున్నితమైన గీత" అన్న నా మాటలో తప్పు వెడల్పుకు సంబంధించినదే అనుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే వేరే సంగతి బయటపడింది. కాయల బుట్ట అంచు దగ్గర ఎరుపు పూత గీతను దాటి ఒక మిల్లీమీటరు బయటికి వచ్చింది. పాప గౌను దగ్గర పూత గీత దాకా రాకుండానే ఆగిపోయింది. అన్ని బొమ్మల్లోనూ ఇంతే, రంగు ఒక దారిన, గీత ఇంకో దారిన. రంగు మీదుగా వెళ్ళిన చోట సిరా ముదురుగా, స్పష్టంగా ఉంది. గీతే ముందు ఉండి పైన పూత పడి ఉంటే సిరా కొంచెం మసకబారేది, పూత కూడా గీతను గట్టులా చేసుకుని అక్కడే ఆగేది. అంటే ఆమె ముందు రంగు వేసి, ఆరాక, పైన పాళీతో గీత గీస్తోంది.

మా ఇద్దరు చిత్రకారులూ దీనికి పూర్తిగా ఎదురు పద్ధతిలో వేశారు. ముందు గీత గీసి, లోపల రంగు నింపారు. చాలామంది చేసేది అదే. అందుకే వాళ్ళ బొమ్మలు ఎంత బాగున్నా రంగులు నింపే పుస్తకంలా బిగుసుకుపోయి కనిపించాయి. అసలు బొమ్మల్లో ఉన్న గాలి వీటిలో లేదు. నేను "స్వేచ్ఛగా గీయండి" అని వంద సార్లు రాసినా ఇది సరయ్యేది కాదు. "రంగు ముందు, గీత తర్వాత" అన్న నాలుగు మాటలతో సరయింది. శైలి వివరణలో పని జరిగే క్రమాన్ని రాయాలని అంతకుముందు నాకు తట్టలేదు. ఇప్పుడు అదే మొదట రాస్తాను.

వెడల్పు సంగతి కూడా తేల్చాను. పారదర్శక స్కేలు పెట్టి చూస్తే గీత 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉంది. నీడ వైపు లావు, వెలుతురు వైపు సన్నం. వెలుతురు బాగా పడే చోట గీత తెగిపోతుంది, కుండ ఎడమ భుజం మీద అసలు గీతే లేదు, కాగితం తెలుపే అంచు. దూరంగా ఉన్న తాటిచెట్లకూ నేలకూ గీత లేదు. సిరా నలుపు కాదు, ముదురు గోధుమ రంగు. మాస్టారి గీత లావుగా రావడానికి ఆయన చేతి అలవాటే కారణమనుకున్నాను. ఫోనులో అడిగితే, తెరలు రాసిన చెయ్యి కావడంతో చిన్న కాగితం మీద ఊపు రాదని, కుంచెతోనే గీశానని చెప్పారు. గుంటూరు అమ్మాయి సంగతి ఇంకో రకం. ఆమె ఏ3 కాగితం మీద వేసి ఏ4కు కుదించి పంపింది. ఏ3ని ఏ4 చేస్తే ప్రతి కొలతా సుమారు 71 శాతానికి తగ్గుతుంది. ఆమె 0.4తో గీసిన గీత నా దగ్గరకు వచ్చేసరికి 0.3 కన్నా సన్నగా ఉంది. అసలు బొమ్మలు అచ్చు సైజులోనే వేసినవి. ఆ మాట నేను రాయలేదు. కొలత ఇచ్చేటప్పుడు అది ఏ సైజు బొమ్మ మీద కొలతో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

రంగుల విషయంలో ఆమె పంపిన చీటీ చాలా సాయపడింది. యెల్లో ఓకర్, స్కార్లెట్ లేక్, అలిజరిన్ క్రిమ్సన్, బర్ంట్ సియెన్నా, అల్ట్రామెరీన్. ఈ అయిదే. ఆకుపచ్చ ట్యూబు లేదు కాబట్టి వేపాకు ఓకర్‌లో అల్ట్రామెరీన్ కలిపి వస్తుంది. అందుకే ఆమె పచ్చదనమంతా కొంచెం దుమ్ము పట్టినట్టు, ఎండాకాలపు ఆకులా ఉంటుంది. నలుపు లేదు కాబట్టి జుట్టూ బావి లోపలి చీకటీ అల్ట్రామెరీన్, బర్ంట్ సియెన్నా కలిపినవి. రంగుల జాబితా చిన్నదైనప్పుడు బొమ్మలన్నీ ఒక కుటుంబంలా కనిపించడానికి సగం కారణం అదే. ప్రతి రంగులోనూ ఇంకో రంగు కొంచెం కలిసి ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ట్యూబు మీది పేరు ఒకటే అయినా లోపల ఉండేది ఒకటే కానక్కరలేదు. బర్ంట్ సియెన్నా అన్న పేరుతో కొందరు తయారీదారులు పీబీఆర్ 7 అనే సహజమైన మట్టి రంగు ఇస్తారు, కొందరు పీఆర్ 101 అనే కృత్రిమ ఇనుప ఆక్సైడు ఇస్తారు. అల్ట్రామెరీన్‌తో కలిపినప్పుడు రెండూ ఒకే బూడిద రంగునివ్వవు. ట్యూబు వెనుక చిన్న అక్షరాల్లో ఈ పిగ్మెంట్ సంఖ్య ఉంటుంది. నేను పేరుతో పాటు సంఖ్య కూడా రాశాను. తెర మీద చూసి పోల్చుకోవడానికి కాయల రంగుకు `#B23A2A`, కాయల నీడకు `#7A2C33` అని స్కాన్ నుంచి తీసిన సంఖ్యలు ఇచ్చాను. ఒక ఫోనులో నారింజగా కనిపించేది ఇంకో ఫోనులో గులాబీగా కనిపిస్తుంది కాబట్టి వాటినే నమ్ముకోలేదు. ఆమె వాడిన రకం కాగితం మీదే అయిదు రంగులూ, ముఖ్యమైన నాలుగు మిశ్రమాలూ పూసి, ముక్కలుగా కోసి, ఇద్దరికీ కొరియరులో పంపాను. మాటలు తీసుకెళ్ళలేని చోటికి ఆ ముక్కలు తీసుకెళ్ళాయి.

అయితే ఏ రంగు అన్నదానికన్నా ఎంత అన్నది నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద వంద గళ్ళు గీసి, ఒక్కో బొమ్మ మీదా పరిచి లెక్కపెట్టాను. మిర్చి కల్లం కథ కదా, బొమ్మల నిండా ఎరుపే అని నా మనసులో ఉండిపోయింది. లెక్క వేస్తే సాధారణంగా ఎరుపు 15 గళ్ళు దాటలేదు. కల్లం మొత్తం కనిపించే ఒక్క బొమ్మలో మాత్రం 30. దాదాపు 40 గళ్ళు ఏమీ పూయని కాగితం, లేదా చాలా పలచని ఓకర్. అంత ఖాళీ ఉంది కాబట్టే ఆ 15 గళ్ళ ఎరుపు కంటికి మంటలా తగులుతోంది. ఆ ఇద్దరి పరీక్ష బొమ్మల్లో ఎరుపు 35 పైనే ఉంది, అయినా చప్పగా కనిపించింది. ఈ సంగతి ఫోనులో చెబితే ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, నేను ఎరుపు చాలలేదనుకుని ఇంకా వేశాను" అంది.

వెలుతురు కోసం నేను గుంటూరు వైపు ఒక కల్లానికి వెళ్ళాను. ఫిబ్రవరి చివరి వారం, కాయలు ఎండబోసి ఉన్నాయి. బొమ్మల్లో కుండ నీడ కుండ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉందని అప్పటికే కొలిచి పెట్టుకున్నాను. అడుగు స్కేలు నిలబెట్టి చూస్తూ కూర్చుంటే, తొమ్మిది గంటల ప్రాంతంలో దాని నీడ సరిగ్గా అడుగున్నర అయింది. అంటే సూర్యుడు నేలకు 34 డిగ్రీల దగ్గర. ఆ గంటలో కల్లం ఎలా ఉంటుందో చూశాక, నా "ఉదయపు ఎండ" ఎంత తప్పో తెలిసింది. తొమ్మిదికి ఎండలో నారింజ లేదు. నేల తెల్లగా వెలిగిపోతుంది. నీడలు మాత్రం ఆకాశం రంగు తీసుకుని నీలంగా ఉంటాయి. అసలు బొమ్మల్లో నీడలన్నీ కింది రంగును ముదురు చేసినవి కావు. కింది పూత ఆరాక పైన ఒకే పలచని నీలి ఊదా పూత పరిచినవి. నేల మీదైనా చీర మీదైనా గోడ మీదైనా అదే పూత.

అక్కడే ఇంకొకటి కనిపించింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని తాలు కాయలు ఏరుతున్న ఒకామె గుడ్డ కిందికి జార్చి నీళ్ళు తాగింది. ముఖం కొంగు నీడలో ఉంది. కానీ గడ్డం కింద, దవడ అంచున ఎర్రటి వెలుగు ఉంది. ఎండ పడుతున్న కాయల మీది నుంచి పైకి కొట్టే ఎరుపు. తిరిగి వచ్చి బొమ్మలు తీసి చూస్తే, కాయల దగ్గర కూర్చున్న ప్రతి మనిషికీ గడ్డం కింద, మోచేతి అడుగున, మేకకు పొట్ట కింద ఒక చిన్న ఎర్రటి మరక ఉంది. వారం రోజులుగా ఆ బొమ్మల మీద వంగి ఉన్నాను, చూడలేదు. చూడకపోయినా, మిగతా ఇద్దరి బొమ్మల్లో మేక నేలకు అతికించినట్టు ఉందని, వీటిలో మనుషులూ మేకా కల్లంలోనే ఉన్నట్టు ఉన్నారని అనిపిస్తూనే ఉంది. కారణం ఇది.

మాధ్యమం గురించి రాయడం ఇక కష్టం కాలేదు. "నీటిరంగులు" అన్న మాటకు బదులు పూతల సంఖ్య, ఆరే సమయం, తెలుపు ఎక్కడి నుంచి వస్తుందో రాస్తే చాలు. కాయల కుప్పను ఎలా వేశారన్నది మాత్రం విడిగా రాశాను, ఎందుకంటే మిగిలిన 9 బొమ్మల్లో 6 చోట్ల కుప్ప వస్తుంది. కుప్ప మొత్తానికి స్కార్లెట్ లేక్ ఒకే తడి పూత. ఆరాక, మనకు దగ్గరగా ఉన్న అంచులో మాత్రమే, కుప్పలో మూడో వంతు కన్నా తక్కువ చోట, సన్న కుంచెతో ఒక్కో కాయకు ఒక్కో దెబ్బ. తొడిమలు అక్కడక్కడ, లెక్కకు పది పన్నెండు. మిగతా కుప్పలో కాయలు ఉన్నాయని కన్ను తనంతట తానే అనుకుంటుంది.

చివరికి నేను పంపిన వివరణ ఇది. ఒక పేజీ దాటనివ్వలేదు, ఎందుకంటే బల్ల మీద బొమ్మ పక్కన పెట్టుకుని చూడాల్సిన కాగితం ఇది.

"క్రమం: పెన్సిలుతో లేతగా ఆకారం, రంగు, పూర్తిగా ఆరనివ్వడం, నీడ పూత, మళ్ళీ ఆరనివ్వడం, చివర సిరా గీత. గీత తర్వాత రంగు వేయకూడదు.

మాధ్యమం: 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ కాగితం, అచ్చు సైజులోనే. పారదర్శకమైన నీటిరంగు. ఎక్కడైనా రెండు పూతలు, నీడ పడితే మూడు, అంతకు మించి వద్దు. తెలుపంటే కాగితమే, తెల్లరంగు వాడకూడదు. పూతల అంచులు ఆరి గీతలా ఏర్పడితే అలాగే వదిలేయాలి.

రంగులు: జత చేసిన ముక్కల్లోని అయిదే. ఆకుపచ్చ, నలుపు కలిపి తెచ్చుకోవాలి. బొమ్మలో సుమారు 40 వంతులు ఖాళీ కాగితం లేదా పలచని ఓకర్. ఎరుపు 15 వంతులు దాటకూడదు, కల్లం మొత్తం కనిపించే బొమ్మలో 30 దాకా. ఆకాశం కాగితం రంగే.

వెలుతురు: ఎడమ పై నుంచి, తొమ్మిది గంటల తెల్లని ఎండ. నీడ పొడవు వస్తువు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, కుడివైపుకు. సాయంత్రం దృశ్యం ఒక్కదానికే మినహాయింపు. నీడ ఎక్కడ పడినా ఒకే పలచని నీలి ఊదా పూత, దాని కిందనున్న రంగు కనిపించాలి. వస్తువు దగ్గర అంచు పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా. ఎండలో ఉన్న కాయల దగ్గర మనిషి గానీ జంతువు గానీ ఉంటే, కిందికి తిరిగిన చోట చిన్న ఎర్రటి పూత. అన్నిటికన్నా ముదురైన చోటు జుట్టు, బావి లోపల. అది కూడా పూర్తి నలుపు కాదు.

గీత: పాళీ కలం, తడికి చెదరని ముదురు గోధుమ సిరా. 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు. నీడ వైపు లావు, వెలుతురు వైపు సన్నబడి తెగిపోవాలి. ఏ ఆకారం చుట్టూ గీత పూర్తిగా మూసుకోకూడదు. రంగు అంచునే పట్టుకుని నడవకూడదు, ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండాలి. నేలకు, దూరపు చెట్లకు గీత లేదు. అడ్డగీతల నీడ లేదు."

ఇందులో పాప ముఖం గురించీ మేక గురించీ ఏమీ లేదు. వాటిని వేరే కాగితం మీద పాత్రల కొలతలుగా ఇచ్చాను. శైలినీ విషయాన్నీ ఒకే చోట రాస్తే మొదటిసారి జరిగిందే మళ్ళీ జరుగుతుంది, మేకకు పాప కళ్ళు వస్తాయి.

రెండో పరీక్షకు అదే కుండ, అదే మేక, అదే వేపచెట్టు. వచ్చిన వాటిని అసలు బొమ్మల మధ్య కలిపి, తలకిందులుగా గోడకు ఆనించాను. తలకిందులు చేస్తే కథ మాయమై రంగూ వెలుతురూ మాత్రమే మిగులుతాయి. ఈ పుస్తకం గురించి ఏమీ తెలియని మా లెక్కల ఉద్యోగిని పిలిచి, పరాయి బొమ్మలు ఏవో చూపించమన్నాను. గుంటూరు అమ్మాయి బొమ్మను ఆయన పట్టలేకపోయారు. మాస్టారిది వెంటనే చూపించారు. స్కాన్‌ను నలుపు తెలుపు చేసి చూస్తే కారణం తెలిసింది. రంగులు సరిగ్గానే ఉన్నాయి, కానీ ఆయన నీడ పూత రెండింతలు ముదురు. నాటకం తెర మీద నీడ వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా కనిపించాలి, ఆ చేతికి పలచన అంటే అదే పలచన. "పలచని" అన్న నా మాట ఇంకా అనిపించే మాటగానే మిగిలిపోయింది. దాని పక్కన రాశాను: "నీడ పూత కింద అచ్చు అక్షరాలు పెడితే అవి హాయిగా చదవగలగాలి." ఆయన ఒక పాత దినపత్రిక ముక్క మీద పూసి చూసుకుని, ఆ తర్వాత నన్ను మళ్ళీ అడగలేదు. గీత సంగతి ఆయనే చూసుకున్నారు. కుంచె పక్కన పెట్టి పాళీ కలం తీశారు, చెయ్యి బల్లకు ఆనించకుండా భుజం నుంచి గీస్తూ.

తొమ్మిది బొమ్మలూ వచ్చాయి. రెండింటిని తిరిగి పంపాల్సి వచ్చింది. ఒకదానిలో ఆకాశానికి నీలం వచ్చింది, ఒకదానిలో ఎండ కుడివైపు నుంచి పడింది. రెండూ వివరణలో ఉన్న విషయాలే కాబట్టి ఏది మార్చాలో వేలు పెట్టి చూపించగలిగాను, ఎవరూ నొచ్చుకోలేదు. మాటలకు అందనిది ఒకటి మిగిలింది. మొదటి చిత్రకారిణి వేసే చేతి వేళ్ళు. కాయ తొడిమ పట్టుకున్న వేళ్ళలో ఆమెకొక ఒడుపు ఉంది. దాన్ని నేను మూడు రకాలుగా రాసి చూశాను, మూడూ కొట్టేశాను. అది వివరణకు లొంగే శైలి కాదు, ఆమె చూసి నేర్చుకున్న చేతులు. చేతులు దగ్గరగా కనిపించే దృశ్యం ఒకటి మిగిలి ఉంటే, దాన్ని కొంచెం దూరం నుంచి చూపేలా మార్చాం.

అచ్చుకు వెళ్ళే ముందు ప్రూఫులు తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. బిడ్డ పక్కన నిద్రపోతోంది. ఆమె బొమ్మలు చూసి, తర్వాత నేను రాసిన కాగితం తీసుకుని చివరి దాకా చదివింది. గీత రంగును అనుసరించదన్న వాక్యం దగ్గర ఆగి, "నేను ఇలా చేస్తానని నాకు తెలియదు" అంది. తర్వాత పెన్ను అడిగింది. "దూరం పోయేకొద్దీ మెత్తగా" అని నేను రాసిన చోట గీత కొట్టి, పక్కన తన చేత్తో రాసింది: "నీడ పూత ఇంకా తడిగా ఉండగానే, దాని చివర శుభ్రమైన నీళ్ళ కుంచెతో ఒక్కసారి తాకి వదిలేయాలి. రుద్దకూడదు."

మా దగ్గరున్న ప్రతిలో ఇప్పుడు ఆ వాక్యమే ఉంది.